26 మందికి ఒక ధర: బృందయాత్రకు కొటేషన్ అడిగే లేఖపై సమీక్ష

పెద్ద స్నేహబృందం కలిసి యాత్రకు వెళ్లాలనుకున్నప్పుడు ట్రావెల్ ఏజెంటుకు పంపే మొదటి సందేశం చాలాసార్లు ఒకే వాక్యంలో ముగుస్తుంది. ఎంతమంది, ఏ ఊరు, ఎన్ని రోజులు, తలకు ఎంత అవుతుంది అన్నవి తప్ప అందులో మరేమీ ఉండవు. ఆ వాక్యాన్ని ముగ్గురు ఏజెంట్లకు పంపితే మూడు ధరలు వస్తాయి, వాటిలో తక్కువదాన్ని ఎంచుకోవడం సహజమే అనిపిస్తుంది, కానీ ఆ మూడూ ఒకే సరుకుకు చెప్పిన ధరలు కావు. ఒక ఏజెంటు ఇద్దరికి ఒక గది చొప్పున లెక్క కట్టి ఉంటాడు, మరొకాయన ముగ్గురిని ఒకే గదిలో సర్ది ఉంటాడు, ఇంకొకరు రాత్రి భోజనాన్ని లెక్కలోకే తీసుకుని ఉండరు. కొటేషన్ అంటే ఫలానా సేవలను ఫలానా తేదీల్లో, ఫలానా షరతులకు లోబడి, ఇంత ధరకు ఇస్తామని ఏజెంటు రాతలో తెలిపే ప్రతిపాదన. లేఖలో లేని ప్రతి వివరాన్నీ ఏజెంటు తన అనుభవంతోనో అంచనాతోనో పూరించుకోవలసి వస్తుంది కనుక, లేఖ రాసేవారు ముందుగా చూసుకోవలసింది అడిగినవాళ్లందరూ ఒకే సరుకుకు ధర కట్టేలా వివరాలు ఇవ్వడం.

ఈ విషయాన్ని గాలిలో చర్చించడం కంటే ఒక నిర్దిష్ట యాత్రను పట్టుకుని చూడటం మేలు. గుంటూరులో కలిసి డిగ్రీ చదివి, ఇప్పుడు యాభైల్లో ఉన్న మిత్రులు, వారి కుటుంబాలవారు కలిసి 26 మంది కేరళ వెళ్లాలనుకుంటున్నారని, కొచ్చిలో దిగి మున్నార్‌లో రెండు రాత్రులు, అలప్పుళ హౌస్‌బోటులో ఒక రాత్రి, తిరిగి కొచ్చిలో ఒక రాత్రి గడపాలన్నది వారి ఆలోచనని అనుకుందాం. తెలుగువారు తరచుగా వెళ్లే మార్గమిది, బృందాల లేఖల్లో జరిగే పొరపాట్లన్నీ ఇందులో స్పష్టంగా బయటపడతాయి.

మొదట తేదీల సంగతి చూడాలి. తెలుగు ఇళ్లలో అందరికీ కలిసివచ్చే సెలవులు సంక్రాంతివి కాబట్టి బృందాలు ఆ వారాన్నే కోరుకుంటాయి, అయితే కేరళకు అది అతి రద్దీ కాలం. నవంబరు నడిమి నుంచి మకరజ్యోతి దర్శనం జరిగే జనవరి నడిమి వరకు, ఆ తర్వాత మరికొన్ని రోజులు కూడా, గుంటూరు మీదుగా వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ మొదలుకొని కేరళ బండ్లన్నీ అయ్యప్ప స్వాములతో నిండిపోతాయి, అద్దె బస్సులకు కూడా అప్పుడే గిరాకీ ఎక్కువ. డిసెంబరు చివరి పది రోజుల్లో చాలా హోటళ్లు అద్దె పెంచడంతోపాటు క్రిస్మస్, కొత్త సంవత్సరం రాత్రుల విందును అతిథులందరికీ తప్పనిసరి చేసి దాని ఖరీదును బిల్లులో కలుపుతాయి. అలాగని ఫిబ్రవరికి జరిపితే, మున్నార్ దగ్గరి ఎరవికుళం జాతీయ ఉద్యానవనాన్ని నీలగిరి తార్ అనే కొండమేకల ఈనిక కాలమని సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సందర్శకులకు మూసివేస్తారు. ఈ రెంటి నడుమ జనవరి చివరి పది రోజులు మిగులుతాయి, అందులోనూ గణతంత్ర దినోత్సవం చుట్టూ సెలవులు కలిసివస్తే గదులు దొరకవు. ఇలాంటి లెక్క ఏజెంటుకు తెలిసినదే, కానీ ఒకే తేదీ ఇచ్చి అడిగితే ఆ తేదీకే ధర చెప్పి ఊరుకుంటాడు. అందుకే లేఖలో మొదటి ఎంపికగా ఒక తేదీ, కుదరకపోతే మరొకటి ఇచ్చి, రెంటికీ విడివిడిగా ధర అడగాలి. "జనవరిలో ఎప్పుడైనా" అని వదిలేస్తే ఏజెంటు నెలలో అన్నిటికన్నా చవకైన రోజుకు ధర పంపుతాడు, ఆ రోజు బృందానికి పనికిరాకపోవచ్చు.

తరువాతిది మంది లెక్క, అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరే భాగం కూడా ఇదే. 26 అన్న అంకెకు ధర లేదు, ధర గదులకూ బస్సు సీట్లకూ ఉంటుంది. ఇంతే చెబితే ఏజెంటు దాన్ని రెండుతో భాగించి 13 గదులు వేస్తాడు. బృందంలో ఏడు జంటలు, విడిగా వచ్చే పురుషులు ఏడుగురు, స్త్రీలు ముగ్గురు, 11 ఏళ్ల పిల్లవాడు, నాలుగేళ్ల పాప ఉన్నారనుకుంటే లెక్క మారిపోతుంది. జంటలకు ఏడు గదులు, పిల్లలిద్దరూ తల్లిదండ్రులతోనే ఉంటారు, పురుషులకు రెండు గదుల్లో ఇద్దరేసి, మూడో గదిలో ముగ్గురు. స్త్రీలు ముగ్గురూ ఒకే గదిలో ఉంటే మొత్తం 11 గదులు, ఇద్దరొక గదిలో, ఒకరు వేరే గదిలో ఉంటే 12. ఈ తేడాను ఏజెంటు నిర్ణయానికి వదలకూడదు, ఎందుకంటే హోటళ్లలో మూడో మనిషికి ఇచ్చే అదనపు పడక చాలాచోట్ల నేల మీద పరిచే పరుపే, మోకాళ్ల నొప్పులున్నవారికి దాని మీద నుంచి లేవడమే కష్టం. పిల్లల విషయంలో 11 ఏళ్లవాడికి పడక కావాలి, నాలుగేళ్ల పాపకు అక్కర్లేదు. పిల్లల వయసులు రాయకపోతే ఇద్దరినీ పెద్దలుగానే లెక్కించే అవకాశం ఉంది. విడిగా వచ్చేవారి గదుల్లో రెండు వేరు మంచాలు కావాలా, ఒకే పెద్ద మంచం చాలా అన్నది కూడా రాయాలి. ఈ ఒక్క మాట రాయనందువల్ల వచ్చే ఇబ్బంది హోటల్ చేరిన రాత్రి పది గంటలకు బయటపడుతుంది, అప్పటికి మార్చడానికి వేరే గది ఉండదు.

మంది లెక్కలో రెండో చిక్కు అనిశ్చితి. పెద్ద బృందాల్లో చివరి నెలలో ఇద్దరు ముగ్గురు తప్పుకోవడం మామూలే, ధరలో ఆ మార్పు ఎలా ప్రతిఫలిస్తుందో తెలియాలంటే ఖర్చుల్లో రెండు రకాలున్నాయని గుర్తించాలి. ఎంతమంది వచ్చినా మారనిది స్థిరమైన ఖర్చు, ఒక్కొక్కరితో పెరిగేది మారే ఖర్చు. బస్సు మొదటి రకానిది. ఐదు రోజుల బస్సుకు 78,000 రూపాయలు అవుతుందనుకుంటే 26 మంది పంచుకున్నప్పుడు తలకు 3,000 పడుతుంది, 20 మందే వస్తే అదే బస్సు తలకు 3,900. గది ఖర్చు పైకి మారే ఖర్చులా కనిపిస్తుంది గాని, జతలో ఒకరు తప్పుకున్నప్పుడు అదీ స్థిరమైనదే అవుతుంది. రాత్రికి 4,000 అద్దె ఉన్న గదిలో ఒకరే మిగిలితే నాలుగు రాత్రులకు ఆయనపై అదనంగా 8,000 పడుతుంది. వెళ్లినవారి మధ్య తరువాత మాటలు పెరిగేది చాలాసార్లు ఇలాంటి మొత్తం దగ్గరే. కనుక లేఖలో "22 మంది ఖాయం, నలుగురు ఫలానా తేదీలోగా చెబుతారు" అని దాచకుండా రాసి, 20 నుంచి 22 మందికి, 23 నుంచి 25 మందికి, 26 నుంచి 28 మందికి తలసరి ధర విడివిడిగా అడగాలి. ఒక్కరే ఒక గదిలో ఉంటే అదనంగా ఎంత కట్టాలో కూడా అప్పుడే అడిగి ఉంచుకోవాలి. పదిహేను ఇరవై మంది డబ్బు కడితే ఒకరికి ఉచితం అనే పద్ధతి కొందరు ఏజెంట్లలో ఉంది. సంస్థలు పంపే యాత్రల్లో అది వెంట వెళ్లే నిర్వాహకుడికి చెందుతుంది. స్నేహితుల మధ్య మాత్రం ఆ ఉచితాన్ని అందరి ధరలోకీ సర్దమని లేఖలోనే కోరడం ఉత్తమం.

బస్సు గురించి "ఏసీ బస్సు" అని రాస్తే సరిపోదు. 26 సీట్ల వాహనంలో 26 మంది కూర్చోగలరు గాని, 26 పెట్టెలకు చోటుండదు. వెనక వరుస సామానుతో నిండిపోతే నలుగురైదుగురు ఒళ్లో సంచులతో ఘాట్ రోడ్డు ఎక్కవలసి వస్తుంది. ఈ బృందానికి 35 సీట్ల మినీ బస్సు సరిపోతుంది, లేదా 17 సీట్ల టెంపో ట్రావెలర్లు రెండు కావాలి. మొదటిది తీసుకుంటే అందరూ కలిసి ఉంటారు. రెండోదానికి ఖర్చు ఎక్కువ కావచ్చు, మలుపుల దారిలో సులువుగా వెళుతుంది, ఒకటి చెడినా మరొకటి ఉంటుంది. ఈ రెండు పద్ధతులకూ ధర అడగడం న్యాయమైన కోరిక. అంతకన్నా ముఖ్యంగా అడగవలసింది ఏసీ సంగతి. కొండదారిలో ఏసీ వేయబోమన్న షరతు కేరళ కొటేషన్లలో చివరి పుటలో తరచుగా కనిపిస్తుంది. బస్సు రోజంతా బృందం దగ్గరే ఉంటుందా, జాబితాలోని స్థలాలకు తిప్పి వదిలేస్తుందా అన్నది మరొక ప్రశ్న. రెండో పద్ధతిలో సాయంత్రం ఊళ్లోకి వెళ్లాలంటే ఆటోలు వెతుక్కోవాలి.

గదుల్లో ఏసీ విషయంలో లేఖలు తరచుగా పొరబడతాయి. జనవరి రాత్రుల్లో మున్నార్‌లో చలి కొన్నేళ్లు సున్నా డిగ్రీల దగ్గరకు వెళుతుంది, అక్కడ చాలా హోటల్ గదుల్లో ఏసీ ఉండదు, అవసరమూ ఉండదు. అక్కడ అడగవలసింది ఉదయమే వేడినీళ్లు, మందపాటి దుప్పట్లు. కొచ్చి, అలప్పుళల్లో మాత్రం ఏసీ కావాలి. హౌస్‌బోట్లలో తక్కువ తరగతివాటిలో ఏసీ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకే నడుస్తుంది, పై తరగతివాటిలో రోజంతా ఉంటుంది. ధరలో ఈ తేడా గణనీయంగా ఉంటుంది కనుక ఏది కావాలో స్పష్టంగా రాయాలి.

హౌస్‌బోటు ఈ యాత్రలో కాలక్రమానికీ పరీక్ష పెడుతుంది. మామూలుగా బోటు మధ్యాహ్నం పన్నెండు గంటలకు అతిథులను ఎక్కించుకుని, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఒడ్డున కట్టేస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత జాలరులు నీటిలో వలలు వేసుకుంటారు. మర్నాడు ఉదయం తొమ్మిదికల్లా దిగిపోవాలి. మున్నార్ నుంచి అలప్పుళకు సుమారు 170 కిలోమీటర్ల దూరం, సగం ఘాట్ రోడ్డే కాబట్టి ఐదారు గంటలు పడుతుంది. ఎనిమిదిన్నరకు ఫలహారం చేసి బయలుదేరితే చేరేసరికి రెండు అవుతుంది, కట్టిన డబ్బులో నీటి మీద తిరిగే కాలం చాలావరకు పోతుంది. ఆరు గంటలకే బయలుదేరి ఫలహారం పొట్లాలుగా తీసుకెళ్లే ఏర్పాటు కావాలని లేఖలో రాసినప్పుడు ఏజెంటు హోటల్‌తో ముందే మాట్లాడతాడు. అలా రాయనప్పుడు కొటేషన్‌లో "మున్నార్‌లో ఫలహారం తర్వాత బయలుదేరి 12 గంటలకు హౌస్‌బోటు" అన్న పంక్తి వస్తుంది. ఆ పంక్తి కనిపించిందంటే ఏజెంటు ఈ బృందం కోసం కూర్చుని రాయలేదనీ, పాత కాగితాన్ని పంపాడనీ గ్రహించవచ్చు. పడకగదుల లెక్క ఇక్కడా ఉంది. 12 గదులకు ఆరేసి గదుల బోట్లు రెండు కావాలి, రాత్రి రెండింటినీ పక్కపక్కనే కట్టాలని అడగాలి, లేకపోతే బృందం రెండు ముక్కలై రెండు ఒడ్డుల్లో నిద్రపోతుంది.

భోజనం దగ్గర ఏజెంట్లు మూడు పొట్టి పేర్లు వాడతారు. సీపీ అంటే గదితోపాటు ఉదయం ఫలహారం మాత్రమే, ఎంఏపీ అంటే ఫలహారంతోపాటు ఒక పూట భోజనం (ఎక్కువగా రాత్రిది), ఏపీ అంటే మూడు పూటలా. హౌస్‌బోటులో మూడు పూటలా భోజనం మామూలుగా ధరలోనే ఉంటుంది. మున్నార్‌లో చలిరాత్రి బయట హోటల్ వెతుక్కోవడం కష్టం కనుక అక్కడ ఎంఏపీ, కొచ్చిలో తిరిగే స్వేచ్ఛ కోసం సీపీ తీసుకోవడం సబబు. తెలుగువారికి సంబంధించిన ఒక చిన్న వివరం ఇక్కడ పెద్దదవుతుంది: కేరళలో చాలాచోట్ల మట్ట అనే లావుపాటి ఎర్రబియ్యం వండుతారు, అలవాటు లేనివారికి రెండు మూడు పూటలకే మొహం మొత్తుతుంది. తెల్లన్నం, పెరుగు ప్రతి పూటా కావాలని, ఎందరు శాకాహారులో, మధుమేహం ఉన్నవారి కోసం రాత్రి భోజనం ఎనిమిదింటికే కావాలని రాస్తే బోటులో వంటవాడు సరుకులు కొనేటప్పుడే సిద్ధపడతాడు.

ఈ లెక్కలన్నీ పెట్టుకుని రాసిన లేఖ సుమారుగా ఇలా ఉంటుంది.

"నమస్కారం అండి. గుంటూరులో కలిసి చదువుకున్న మిత్రులం కేరళ యాత్రకు వెళ్లదలిచాం. కొచ్చిలో మొదలై కొచ్చిలో ముగిసే ఏర్పాట్లకు కొటేషన్ పంపగలరు. రైలు, విమాన టికెట్లు మేమే చూసుకుంటాం.

తేదీలు: జనవరి 27 ఉదయం నుంచి 31 సాయంత్రం వరకు. కుదరకపోతే జనవరి 20 నుంచి 24 వరకు. రెంటికీ ధర చెప్పండి.

మంది: 26. ఏడు జంటలు, పురుషులు ఏడుగురు, స్త్రీలు ముగ్గురు, పిల్లలు ఇద్దరు (11 ఏళ్లు, 4 ఏళ్లు). 22 మంది ఖాయం, నలుగురి సంగతి డిసెంబరు 10 లోగా చెబుతాం. 20–22, 23–25, 26–28 మందికి తలసరి ధర వేరుగా ఇవ్వండి.

బస: మున్నార్ రెండు రాత్రులు, హౌస్‌బోటు ఒక రాత్రి, కొచ్చి ఒక రాత్రి. మొత్తం 12 గదులు. మూడు గదుల్లో విడి మంచాలు, ఒక గదిలో ముగ్గురికి మూడు అసలు మంచాలు, 11 ఏళ్ల బాబుకు అదనపు పడక కావాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి రెండు గదులు కింది అంతస్తులో ఉండాలి. ఆరు గదుల బోట్లు రెండు, రాత్రి పక్కపక్కన కట్టాలి, ఏసీ రోజంతా ఉండాలి.

వాహనం: 35 సీట్ల బస్సుకు, రెండు టెంపో ట్రావెలర్లకు విడిగా ధర. ఎర్నాకుళం టౌన్ స్టేషన్‌లో 18 మంది, నెడుంబాసేరి విమానాశ్రయంలో ఎనిమిది మంది ఎక్కుతారు. 29 ఉదయం ఆరుకు మున్నార్ నుంచి బయలుదేరాలి, ఫలహారం పొట్లాలు కావాలి.

భోజనం: మున్నార్‌లో ఫలహారం, రాత్రి భోజనం. కొచ్చిలో ఫలహారం. శాకాహారులు 9 మంది. తెల్లన్నం, పెరుగు తప్పనిసరి.

తలకు 16,000 నుంచి 18,000 వరకు అనుకుంటున్నాం. జీఎస్టీ, డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ కలిపి చెప్పండి, ధరలో లేనివి విడిగా రాయండి. హోటళ్ల పేర్లు, అడ్వాన్సు, రద్దు షరతులు, ఈ ధర ఎప్పటివరకు చెల్లుతుందో తెలపగలరు. ఫలానా తేదీలోగా జవాబు ఇస్తే మిగతా మిత్రులతో మాట్లాడి చెబుతాం."

ఈ లేఖలో టికెట్లను వేరు చేయడానికి కారణం ఉంది. రైల్వే రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది, ఒక ఫారంపై ఆరుగురికి మించి తీసుకోరు. కనుక 18 మందికి మూడు ఫారాలు రాసి, రిజర్వేషన్ తెరిచిన ఉదయమే ముగ్గురు మిత్రులు కూర్చుంటే పని జరుగుతుంది. విమానంలో సాధారణ బుకింగ్ ఒకసారికి తొమ్మిది మందికే పరిమితం, అంతకు మించితే బృంద ధర వేరుగా అడగాలి. ఈ రెండూ ప్యాకేజీ ధరలో కలిస్తే రోజూ మారే టికెట్ ధర మొత్తం అంకెను కదిలిస్తూ ఉంటుంది, ఎవరి హోటల్ చవకో ఎవరి బస్సు ఖరీదో తేలదు.

బడ్జెట్ చెప్పాలా వద్దా అన్న విషయంలో అనుభవజ్ఞుల మధ్యే రెండు అభిప్రాయాలున్నాయి. చెబితే ఏజెంటు సరిగ్గా ఆ అంకెకే ధర కడతాడన్నది ఒక పక్షం. చెప్పకపోతే అందని తరగతి హోటళ్లతోనో, నాసిరకం హోటళ్లతోనో కొటేషన్ వచ్చి వారం వృథా అవుతుందన్నది రెండో పక్షం. మొదటి పక్షం భయం నిజమైనదే, అయితే గదుల సంఖ్య, బోటు తరగతి, వాహనం, భోజనం అన్నీ లేఖలో స్థిరపడిన తర్వాత ఏజెంటు పెంచుకోగల చోటు తక్కువ, హోటల్ పేరు తెలిస్తే దాని అద్దెను ఎవరైనా చూసుకోవచ్చు. అందువల్ల ఒక్క అంకె చెప్పకుండా ఒక శ్రేణి చెప్పడమే ఆచరణలో మెరుగైన పద్ధతి.

ఎందరు ఏజెంట్లను అడగాలన్న దానిపై మాత్రం ఎక్కువ చర్చ అవసరం లేదు. ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఒకే బృందం కోసం ఐదుగురు ఒకే మున్నార్ హోటల్‌కు ఫోన్ చేస్తే అక్కడివారికి అది ఐదు బృందాల గిరాకీలా కనిపిస్తుంది, ధర తగ్గించవలసిన అవసరం వారికి ఉండదు. పైగా పదిమందికి పంపిన లేఖ అని పసిగట్టిన ఏజెంటు దాని మీద గంట కూడా వెచ్చించడు. మిత్రుల్లో నలుగురు నలుగురు ఏజెంట్లతో విడివిడిగా మాట్లాడటం అన్నిటికన్నా చెడ్డది. బృందం తరఫున ఒకరే మాట్లాడతారని, మార్పులన్నీ ఆ ఒక్కరే రాతలో చెబుతారని ముందే తేల్చుకోవాలి.

జవాబు వచ్చాక చదివే తీరు కూడా ఈ లేఖ నుంచే పుడుతుంది. అడిగిన ప్రతి అంశానికీ జవాబు ఉందో లేదో వరుసగా చూడాలి, జవాబు లేని చోటే తర్వాత ఖర్చు పుట్టే అవకాశం ఎక్కువ. "జీఎస్టీ అదనం" అన్న రెండు మాటలు తలకు 16,000 చొప్పున 26 మందికి 4,16,000 అయ్యే మొత్తంపై 5 శాతం లెక్కన 20,800 రూపాయలు కలుపుతాయి. హోటల్ పేరు పక్కన "లేదా తత్సమానం" అని ఉంటే, ఆ హోటల్ దొరకనప్పుడు అదే తరగతిలో మరొకటి ఇస్తామని అర్థం. తత్సమానమో కాదో నిర్ణయించేది ఎవరన్నది అక్కడ ఉండదు కనుక, మారితే ముందే తెలిపి అంగీకారం తీసుకోవాలని తిరుగు లేఖలో రాయాలి. రద్దు షరతుల్లో మొత్తం యాత్ర రద్దయితే ఎంత పోతుందో చాలామంది రాస్తారు, 26 మందిలో ఇద్దరు మానుకుంటే ఎంత పోతుందో, వారి స్థానంలో వేరే ఇద్దరు రావచ్చో లేదో రాయరు. పెద్ద బృందానికి అవసరమయ్యేది ఆ రెండో షరతే. అది రాతలో వచ్చిన తర్వాతే అడ్వాన్సు కట్టాలి, కట్టేది సంస్థ పేరున ఉన్న ఖాతాకే కావాలి. ఎవరు ఎవరితో ఏ గదిలో ఉంటారన్న పేర్ల జాబితాను మాత్రం ప్రయాణానికి రెండు వారాల ముందు, నలుగురి సంగతీ తేలాక పంపితే చాలు.